చేతులు వెనక్కి కట్టుకున్న సేల్స్‌మాన్

"మా ఆయనకి దేవుడు రెండు చేతులే ఇచ్చాడు గాబట్టి సరిపోయింది, నాలుగిచ్చుంటే ఇంట్లో ఒక్క గిన్నె కూడా ఉన్నచోట ఉండేది కాదు" అంటుంది దేవకుమారి. ఆమె ఎక్కువ చేసి చెప్పడం లేదు. ఆమె భర్త జక్రయ్య చేతులు ఊరికే ఉండగా నేను చూసింది చర్చిలో, ప్రార్థనలో మాత్రమే. అప్పుడు కూడా ఆమెన్ అన్న మరుక్షణం పక్కవాళ్ళ పాటల పుస్తకాలు సర్దడం మొదలుపెట్టేవాడు.

జక్రయ్య చీరాలలో ఒక పెద్ద బట్టల కొట్లో సేల్స్‌మాన్‌గా తల నెరిసేదాకా పనిచేశాడు. తెల్లటి పరుపు మీద మోకాళ్ళపై కూర్చుని, వెనక్కి తిరగకుండానే అరలోంచి చీర లాగి, ఒక్క విదిలింపుతో కొంగు విప్పి కొనేవాళ్ళ ఒళ్ళో పడేట్టు వేసేవాడు. ఒక్క చీర కొనడానికి వచ్చినవాళ్ళ ముందు కొండంత పోగు పెట్టేవాడు. "కొనకపోయినా పర్లేదమ్మా, చూడండి. చూపిస్తే నా చెయ్యేం అరిగిపోదు" అనేవాడు. వాళ్ళు వెళ్ళాక ఆ కొండనంతా మళ్ళీ మడతపెట్టేవాడు. మడతపెట్టడం కూడా అతనికి సరదాయే. యజమాని పోయాక కొడుకులు కొట్టు మూసేశారు. జక్రయ్య పెట్టె సర్దుకుని, తాడేపల్లిలో నర్సింగ్ కాలేజీ హాస్టల్‌కు వార్డెన్‌గా ఉన్న భార్య దగ్గరికి వచ్చేశాడు.

నెల తిరక్కుండానే దేవకుమారి వంటింట్లో ఉప్పు డబ్బా కనబడకుండా పోయింది. పప్పులన్నీ రంగుల వరసలో అమరాయి. చీరలన్నీ అంచు బయటికి కనబడేట్టు మడతపడ్డాయి. హాస్టల్ పిల్లలు ఆరేసుకున్న చున్నీలు సైతం లేత రంగు నుంచి ముదురు రంగుకు వరసగా వేలాడసాగాయి. ఇక లాభం లేదని ఆమె ఆ కాలేజీ వాళ్ళదే అయిన ఆసుపత్రిలో ఎవరితోనో చెప్పి, కింది అంతస్తులో కొత్తగా తెరిచిన కొట్లో భర్తకు ఉద్యోగం వేయించింది.

నేను మోకాలి నొప్పికి వ్యాయామం చేయించుకోవడానికి ఆ ఆసుపత్రికి వెళ్తుంటాను. పిలుపు వచ్చేదాకా ఆ కొట్టు ఎదురుగా ఉన్న బెంచీ మీద ఏదో పుస్తకం తెరుచుకుని కూర్చుంటాను. కొట్టు ముందు గోడంతా అద్దమే. జక్రయ్య కొట్లో చేరాక, చేతిలో ఉన్న పుస్తకంలో పేజీలు తిరగడం తగ్గిపోయింది.

అది క్యాషియరు లేని కొట్టు. బల్ల లేదు, గల్లాపెట్టె లేదు, బిల్లు కోసం వరస లేదు. ఫోనులో యాప్ పెట్టుకుని, అందులో ముందే కొంత డబ్బు వేసుకోవాలి. గేటు దగ్గర యాప్‌లోని కోడ్ చూపిస్తే చిన్న రెక్కలు తెరుచుకుంటాయి. లోపల కావలసినవి తీసుకుని సంచిలో వేసుకుని బయటికి నడిచిపోవడమే. కప్పు నిండా కెమెరాలు ఎవరు ఎక్కడ నిలబడి ఏ అర మీద చెయ్యి పెట్టారో చూస్తుంటాయి. అరల కింద తూకపు పలకలు ఏది ఎంత బరువు తగ్గిందో చెబుతుంటాయి. రెండూ కలిపి ఎవరి ఖాతాలో ఏం పడాలో యంత్రం తేల్చుకుంటుంది. తీసినది మళ్ళీ అదే అరలో పెడితే ఖాతాలోంచి తీసేస్తుంది. బయటికి వచ్చిన కాసేపటికి బిల్లు ఫోనుకు వస్తుంది, డబ్బు దానంతటదే కట్టవుతుంది.

కొట్టు మేనేజరు త్రినాథ్, ముప్ఫై దాటని కుర్రాడు. మొదటిరోజు జక్రయ్యకు మెడలో వేసుకునే కార్డు ఇచ్చి, "ఇది స్టాఫ్ కోడ్ అండీ. దీంతో లోపలికొస్తే మీరు కొనేవారు కాదు, సరుకు సర్దేవారని సిస్టమ్‌కి తెలుస్తుంది. మీరేది తీసినా, పెట్టినా బిల్లు పడదు. గేటు దగ్గర యాప్ తెలియనివాళ్ళకి సాయం చెయ్యండి, ఖాళీ అయిన అరలు నింపండి. కస్టమర్లకి మాత్రం సరుకు చేత్తో అందివ్వకండి" అని చెప్పాడు.

జక్రయ్య ఎంతో వినయంగా తలూపాడు. పెద్దవయసు వాడని తనకు శ్రమ తగ్గించడానికి పెట్టిన నిబంధన అనుకున్నాడు. ఆ మంచితనానికి కరిగిపోయి, అంత మంచి కంపెనీకి తన వంతుగా ఇంకాస్త ఎక్కువే చేయాలని మనసులో తీర్మానించుకున్నాడు.

అతని మొదటి బేరం సుభానీ. ప్రత్తిపాడు దగ్గర మిరప వేసే రైతు. భార్యకు ఆపరేషనై పై అంతస్తులో ఉంది. త్రినాథ్ అతని ఫోనులో యాప్ పెట్టి, డబ్బు వేయించి లోపలికి పంపాడు. సుభానీ నాలుగు అడుగులు వేసి ఆగిపోయాడు.

"పెద్దాయనా, డబ్బులెవరికియ్యాలి?"

"ఎవరికీ ఇయ్యక్కర్లా. నువ్వు తీసుకునేదంతా పైనుంచి చూస్తానే ఉండిద్ది."

సుభానీ తలెత్తి కప్పు వంక చూశాడు. "పైనుంచి చూసేది అల్లా ఒక్కడే అనుకున్నా ఇన్నాళ్ళూ."

"ఆయన చూసి ఊరుకుంటాడు. ఇది బిల్లేసుద్ది."

సుభానీ బ్రెడ్డు అర దగ్గరికి వెళ్ళి ఒక పొట్లం తీశాడు, నొక్కాడు, వాసన చూశాడు, పెట్టేశాడు. ఇంకొకటి తీశాడు. మార్కెట్ యార్డులో మిరప టిక్కీ బస్తాలోంచి గుప్పెడు లాగి నలిపి చూసే అలవాటు బ్రెడ్డు దగ్గరికి వస్తే పోతుందా? గేటు పక్కన చేతిలో టాబ్లెట్ తెర చూసుకుంటున్న త్రినాథ్ ముఖం విచిత్రంగా మారింది. సుభానీ ఖాతాలో బ్రెడ్డు పడుతోంది, పోతోంది, మళ్ళీ పడుతోంది.

అంతలో ఇంకెవరికో యాప్ పెట్టడానికి అతను బయటికి వెళ్ళాడు. జక్రయ్య చూడలేకపోయాడు. కొనేవాడు వెతుక్కుంటుంటే సేల్స్‌మాన్ నిలబడి చూడటం అతని లెక్కలో గుడిలో చెప్పులతో నడవడం లాంటిది. "ఎందుకయ్యా నీకా తిప్పలు, ఇయ్యాల పొద్దున వచ్చింది ఇదీ" అంటూ వెనక్కి తిరక్కుండానే అరలోంచి లాగి అతని చేతిలో పెట్టాడు. "రోగికి కొబ్బరినీళ్ళు పట్టకెళ్ళు. ఇదుగో. మెత్తటి బిస్కెట్లు కావాలంటే, ఇవిగో." సంచి నిండింది. సుభానీ సంతోషంగా వెళ్ళిపోయాడు.

రెండు వారాల్లో జక్రయ్య ఆసుపత్రి అంతటికీ తెలిసిన మనిషి అయ్యాడు. త్రినాథ్ ఎక్కువసేపు వెనకగదిలో లెక్కలతోనే ఉండేవాడు. నర్సింగ్ పిల్లలు క్లాసు అయిపోగానే గుంపుగా వచ్చేవాళ్ళు. "తాతా, ఆ చాక్లెట్టు అందివ్వవా?" "తాతా, నువ్విస్తేనే బాగుంటది." జక్రయ్య పాదాలు నేల మీద ఆనేవి కావు. వయసులో ఉన్నప్పటి విదిలింపు మళ్ళీ వచ్చింది. టవలు పొట్లం విప్పి వాళ్ళ భుజం మీద వేసి, "చూసుకునే అద్దం లేదు గానీ, ఉంటే నువ్వే కొనుక్కునేదానివి" అనేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళు కూడా నేరుగా అతని దగ్గరికే వెళ్ళేవాళ్ళు. నాకు బెంచీ మీంచి చూస్తుంటే ఒక్క సందేహం మాత్రం వచ్చేది. కొందరికి చేతికందే ఎత్తులో ఉన్నవి కూడా తాతే ఎందుకు ఇవ్వాలి?

ఆ పిల్లల్లో మహిమ అనే అమ్మాయి ఒకరోజు వెనక్కి వచ్చి గేటు బయటే నిలబడింది.

"తాతగారూ, నిన్న మీరిచ్చిన సబ్బు, షాంపూ నా బిల్లులో రాలేదండీ. నేను తీసుకున్న పెన్ను ఒక్కటే వచ్చింది."

"వచ్చుద్దిలేమ్మా. ఒక్కోసారి ఆలస్యమైద్ది. యంత్రానికి డౌటొస్తే మనుషులు కూచ్చుని చూసి పంపుతారంట."

"రాత్రి గూడా చూశా, రాలేదు."

"చూడమ్మా" అన్నాడు జక్రయ్య దయగా, "మా చీరాల యజమాని జాకెట్టు ముక్క గూడా వదిలేవాడు కాదు. ఇది ఆయనకంటే గట్టిది. నిన్నొదిలిపెట్టదు, నువ్వు బెంగపడమాక."

మహిమ తృప్తిపడలేదు. అయినా అంత పెద్దాయన అంత నమ్మకంగా చెబుతుంటే ఏమంటుంది?

నెల సగం దాటింది. త్రినాథ్ అరలన్నీ చేత్తో లెక్కపెట్టి చూసుకుని తల పట్టుకున్నాడు. సరుకు తగ్గింది, డబ్బు రాలేదు. ఆ రోజు నేను బెంచీ మీద ఉండగానే జక్రయ్యను బయటికి పిలిచి చెప్పాడు.

"హెడ్డాఫీసు నుంచి ఫోనొచ్చిందండీ. ఇక్కడ మనిషిని పెట్టడమే ప్రయోగం. మిగతాచోట్ల సరుకు నింపడానికి వచ్చి వెళ్ళిపోతారు, మనిషి నిలబడి ఉండడు. మనిషుండి గూడా ఇట్టా పోతంటే ఇంకా మనిషెందుకు అంటున్నారు. ఈ నెలాఖరుకి దొంగ దొరక్కపోతే మీ పోస్టు తీసేస్తారు."

జక్రయ్య ముఖం పాలిపోయింది. జీతం గురించి కాదు; దేవకుమారి జీతంతో ఇద్దరూ గడుపుకోగలరు. మళ్ళీ కొట్టులేని మనిషి కావడం, పొద్దున్నే చొక్కా వేసుకుని ఎక్కడికీ వెళ్ళకుండా పప్పు డబ్బాలు సర్దుకోవడం, అదీ అతన్ని కుదిపింది. కాసేపటికి నడుము నిటారుగా చేశాడు.

"దొంగని నేను పట్టిస్తా బాబూ. జేబులో చీరంచు దోపుకెళ్ళేవాణ్ణి నడకబట్టి చెప్పినోణ్ణి నేను."

ఆ రోజు నుంచి అతను అందరి నడకలూ చూడసాగాడు. ఒక చేత్తో బిస్కెట్లు అందిస్తూ, ఇంకోవైపు కళ్ళు తిప్పుతూ దొంగను వెతికేవాడు. వెతికీ వెతికీ అతని అనుమానం సుభానీ మీద నిలిచింది. కారణం ఉంది. ప్రతిదీ తీసి, నలిపి, వాసన చూసి పెట్టేవాడు ఇంకెవరు? అదీగాక అతని సంచి చాలా పెద్దది.

ఒక సాయంత్రం సుభానీ గేటు దాటి, ఫోనులో బిల్లు వచ్చేదాకా ఆగి, లిఫ్టు వైపు కదలబోతుంటే జక్రయ్య అడ్డు నిలబడ్డాడు.

"సుభానీ, ఆ సంచోసారి చూపించు."

చుట్టూ నలుగురూ ఆగారు. సుభానీ సంచి నేల మీద బోర్లించాడు. బ్రెడ్డు, పాల ప్యాకెట్టు, భార్య దుప్పటి, మందుల చీటీ. ఫోనులో బిల్లు తెరిచి చూపించాడు. బిల్లులో పాలున్నాయి. బ్రెడ్డు లేదు.

"బ్రెడ్డేదీ?" అన్నాడు జక్రయ్య గెలిచినవాడిలా.

"నువ్విచ్చిందేగా పెద్దాయనా" అన్నాడు సుభానీ. "నీ చేత్తో నువ్వే పెడితివి. నువ్విచ్చినయి ఏనాడూ బిల్లులో చూళ్ళా. ఆసుపత్రోళ్ళు రోగులకి ఊరికే ఇస్తన్నారు గావాల అనుకున్నా." దుప్పటి దులుపుకుని, సరుకంతా సంచిలో వేసుకుని, వెనక్కి చూడకుండా లిఫ్టు ఎక్కాడు.

జక్రయ్య కొట్లోకి తిరిగి వచ్చాడు గానీ, అతని చేతులు మొదటిసారి ఏం చేయాలో తెలియనట్టు వేలాడాయి.

మర్నాడు హెడ్డాఫీసు నుంచి వీడియో వచ్చింది. మామూలుగా కొనేవాళ్ళ విషయంలో అనుమానం వస్తేనే అక్కడి మనుషులు వీడియో చూస్తారు. స్టాఫ్ కార్డు ఉన్న మనిషి సరుకు కదిలిస్తే సర్దుతున్నాడనుకుని ఎవరూ చూడరు. ఈసారి త్రినాథ్ అడిగితే మొత్తం తిరగేశారు. వెనకగదిలో త్రినాథ్, జక్రయ్య పక్కపక్కన కూర్చున్నారు. ఆ గదిలో జరిగింది తర్వాత ఇద్దరూ నాకు వేరువేరుగా చెప్పారు. జక్రయ్య చెప్పినది త్రినాథ్ చెప్పినదానికంటే చాలా చిన్నగా ఉంది.

కెమెరాలు కప్పులో ఉంటాయి గనక తెర మీద అందరి తలలే కనిపిస్తాయి, ముఖాలు కనపడవు. ఒక తల అర దగ్గర తిరుగుతోంది. నడినెత్తిన రూపాయి బిళ్ళ ఉంచినట్టు గుండ్రంగా బట్టతల. ఆ తల కింద నుంచి ఒక చెయ్యి వెనక్కి తిరక్కుండానే అరలోంచి సబ్బు లాగింది, పక్కనున్న జడ అమ్మాయి చేతిలో పెట్టింది. మళ్ళీ చాక్లెట్టు. మళ్ళీ టవలు.

"ఆడే!" అని జక్రయ్య కుర్చీలోంచి లేచాడు. "ఆ బట్టతలోడే దొంగ! ఎంత సులువుగా లాగేస్తున్నాడో చూడు బాబూ. అలవాటైన చెయ్యి. పిల్లలకి పంచి పెడతన్నాడు గూడా. సిగ్గులేదూ, ఆ వయసులో!"

వీడియో ముందుకు నడిచింది. బట్టతల మనిషి టవలు పొట్లం విప్పి, ఒక్క విదిలింపుతో ఎవరి భుజం మీదో వేశాడు.

ఆ విదిలింపు చీరాల మొత్తంలో ఒక్కడిదే. జక్రయ్య నెమ్మదిగా కూర్చున్నాడు. చెయ్యి నడినెత్తికి వెళ్ళింది. తడిమి చూసుకున్నాడు. నున్నగా తగిలింది.

"ఇది నాకెప్పుడొచ్చింది?" అన్నాడు.

త్రినాథ్ నవ్వు ఆపుకోలేక టాబ్లెట్ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వు తగ్గాక విడమరిచి చెప్పాడు. "కస్టమరు తన చేత్తో అరలోంచి తీస్తేనే అతని ఖాతాలో పడిద్దండీ. మీ కార్డుతో మీరు తీస్తే సర్దుతున్నారనుకుంటది. మీరు చేతికిచ్చారంటే అది ఎవరి ఖాతాలోనూ లేనట్టే. అందివ్వద్దన్నది అందుకు."

"అయితే ఆ పిల్లలు నాకోసం రాలేదా?"

త్రినాథ్ మాట మార్చి, పంచిన సరుకు డబ్బు ఇప్పుడు వసూలు చేయడం కుదరదని, అది కంపెనీయే భరిస్తుందని చెప్పాడు. జక్రయ్య మెడలోని కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. మళ్ళీ ఏమనుకున్నాడో, దాని మీద చెయ్యి తీయలేదు.

"నెలాఖరుదాకా నన్నుండనీ బాబూ. చేతులు కట్టుకుని అమ్ముతా."

ఇంటికి వెళ్ళి భార్యను అడిగాడు, నెత్తి మీద అది ఎప్పటినుంచి ఉందని.

"మన చిన్నమ్మాయి పెళ్ళినాటికే ఉంది" అంది దేవకుమారి.

"మరి చెప్పలేదేం?"

"చెబితే దాన్ని కూడా సర్దబోతావని."

మర్నాటి నుంచి కొట్లో జక్రయ్య వేరే మనిషి. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, ఒక చేత్తో ఇంకో మణికట్టు పట్టుకుని నిలబడ్డాడు. బలహీన క్షణంలో చెయ్యి జారిపోతుందేమోనని వేళ్ళ మధ్య రుమాలు కూడా బిగించుకున్నాడు.

"తాతా, ఆ చాక్లెట్టు అందివ్వవా?"

"రెండో వరస, ఎడమవైపు చివర. నీ చేత్తో నువ్వే తీసుకోవాలమ్మా."

"ఏం తాతా, కోపమా?"

"కాదు తల్లీ. నేనిస్తే ఊరికే వచ్చుద్ది. నువ్వు తీసుకుంటే బిల్లొచ్చుద్ది."

మొదటిరోజు చాలామంది ఏమీ తీసుకోకుండా వెనక్కి తిరిగారు. రెండోరోజు తాతయ్య చుట్టూ గుంపు లేదు. అద్దం అవతల అతను ఒంటరిగా, చేతులు వెనక్కి కట్టుకుని, బడిలో శిక్ష పడ్డవాడిలా నిలబడి ఉంటే నేను పుస్తకం తెరిచాను గానీ చదవలేకపోయాను. మనుషులు తన కోసం రాలేదన్న జవాబు అతనికి దొరుకుతున్నట్టే అనిపించింది.

ఆ మధ్యాహ్నం మహిమ వచ్చింది. నేరుగా అతని ముందు నిలబడి, "తాతగారూ, అమ్మకి ఒక టవలు కొనాలి. ఏది బాగుంటదో చెప్పండి" అంది.

జక్రయ్య భుజాలు కదిలాయి. చేతులు కదలలేదు. "మీ అమ్మ రంగేంటమ్మా? పొలం పని చేసిద్దా? అయితే తెల్లది వద్దు, మిరపకాయల మరక పోదు. ఆ మూడో అరలో నీలందుంది. తియ్యి. విప్పు. అట్టా కాదు, కొస పట్టుకుని విదిలించు. ఇంకాస్త గట్టిగా! ఆఁ! ఇప్పుడు భుజాన వేసుకో. చూశావా?"

మహిమ విదిలింపుకు పక్క అరలో రెండు సబ్బులు కింద పడ్డాయి. ఆమె నవ్వింది. అతను నవ్వాడు. ఆమె సబ్బులు తీసి అదే అరలో పెట్టింది, టవలు మడిచి సంచిలో వేసుకుని వెళ్ళింది. బయటికి వచ్చి నా బెంచీ మీద కూర్చుని ఫోను చూసుకుంది. కాసేపటికి లేచి, అద్దం మీద వేలితో తట్టి ఫోను ఎత్తి చూపించింది. టవలు బిల్లు వచ్చింది. సబ్బులు పడలేదు. జక్రయ్యకు అంత దూరం నుంచి అక్షరాలు కనపడవని నాకు తెలుసు. అయినా అతను చాలాసేపు తలూపాడు.

తర్వాతి రోజుల్లో ఒక్కొక్కరే వచ్చారు. అందరూ కాదు. ఊరికే వచ్చే సరుకు కోసం వచ్చినవాళ్ళు మళ్ళీ రాలేదు. మిగిలినవాళ్ళు అతనిచేత వర్ణన చెప్పించుకోవడానికి వచ్చారు. ఒకమ్మాయి నీళ్ళ సీసా కొనడానికి వచ్చి అతని మాటలు వింటూ దువ్వెన, సాక్సులు, ఆవకాయ సీసా కొనుక్కుని వెళ్ళింది. చేతులు కట్టేస్తే ఆ విదిలింపంతా నాలిక మీదికి చేరినట్టుంది.

సుభానీ మాత్రం రాలేదు. జక్రయ్య రోజూ లిఫ్టు వంక చూసేవాడు. చివరికి ఒకరోజు పని అయ్యాక, కార్డు త్రినాథ్‌కు అప్పగించి బయటికి వచ్చి, కొనేవాడిగా తన ఫోను కోడ్‌తో గేటు దాటాడు. బ్రెడ్డు అర ముందు నిలబడి ఒక్కొక్క పొట్లం నొక్కాడు, వాసన చూశాడు, అదే చోట పెట్టాడు. ఒకటి తీసుకుని బయటికి వచ్చాడు. ఫోనులో బిల్లు పడేదాకా నా పక్కన కూర్చున్నాడు. బిల్లు రాగానే పై అంతస్తుకు బయల్దేరాడు. మోకాలు నొప్పి ఉన్నా నేనూ వెంట వెళ్ళాను.

సుభానీ వార్డు బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. జక్రయ్య బ్రెడ్డు అతని పక్కన పెట్టాడు.

"దొంగ దొరికాడయ్యా."

"ఎవరంట?"

జక్రయ్య తల వంచి నడినెత్తి చూపించాడు. "ఇదుగో, ఈ బట్టతలోడు. నిన్ను నలుగురిలో నిలబెట్టినందుకు..." వంచిన తల అలాగే ఉంచాడు.

సుభానీ ఆ తల వంక చూశాడు. తర్వాత బ్రెడ్డు తీసి నొక్కాడు. వాసన చూశాడు.

"ఇది బిల్లేసిందేనా?"

"వేసిందే. చూపించనా?"

"వద్దులే" అన్నాడు సుభానీ పొట్లం విప్పుతూ. "అయినా నిన్నటిది ఏరుకొచ్చావు పెద్దాయనా. నీకు నొక్కడం రాదు. రేపు నేనొస్తా, నేర్పుతా."

మర్నాడు ఉదయం అద్దం అవతల ఇద్దరూ బ్రెడ్డు అర ముందు ఉన్నారు. సుభానీ తీస్తున్నాడు, నొక్కుతున్నాడు, పెడుతున్నాడు. జక్రయ్య చేతులు వెనక్కి కట్టుకుని తల వంచి శ్రద్ధగా వింటున్నాడు. గేటు దగ్గర త్రినాథ్ టాబ్లెట్‌లో బ్రెడ్డు పడుతూ పోతూ ఉంది. త్రినాథ్ అది చూడటం లేదు. ఫోనులో హెడ్డాఫీసుకు నివేదిక టైపు చేస్తున్నాడు. ఏం రాశావని తర్వాత అడిగితే ఫోను నా చేతికిచ్చాడు. సరుకు పోవడం ఆగిందని, కొట్టుకు మనిషి అవసరమేనని, అయితే ఆ మనిషికి జేబులున్న కోటు ఒకటి ఇప్పించాలని, చేతులు పెట్టుకోవడానికి చోటు కావాలని అందులో ఉంది.